రాత లెక్కను సమీకరణంగా మార్చడం ఎలా: ఐదు ఖాళీల నమూనా

8x + 30 = 110 అని పలక మీద రాసి ఇస్తే, ఏడో తరగతి చదివే అమ్మాయి 30ని అటువైపు పంపి, 80ని 8తో భాగించి, x విలువ 10 అని అర నిమిషంలో చెప్పేస్తుంది. అదే సమీకరణం ఒక హోటల్ బిల్లుగా వేషం మార్చుకుని మూడు వాక్యాల్లో ఎదురైతే మాత్రం కలం ఆగిపోతుంది. హైదరాబాద్‌లో మా వాడలోని పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెబుతున్నప్పుడు నేను ఎక్కువగా చూసేది ఈ ఆగిపోవడమే. సమీకరణాన్ని సాధించడం పిల్లలకు వచ్చు. వాక్యం నుంచి సమీకరణానికి వెళ్లే దారిలో మధ్య మెట్లు ఉంటాయని ఎవరూ చూపించకపోవడంతో, ఒకే అంగలో దాటబోయి పడిపోతారు. ఏడో తరగతిలో సామాన్య సమీకరణాలు, ఎనిమిదిలో ఏక చరరాశి రేఖీయ సమీకరణాలు చదివే పిల్లల పక్కన మీరు కూర్చోబోతున్నట్లయితే, ఆ మెట్లను కింది ఐదు ఖాళీలుగా నోటుపుస్తకంలో గీయించండి.

ఖాళీ 1. అడిగినది: ________
ఖాళీ 2. x = ________ (దేని సంఖ్య, ఏ కొలతలో)
ఖాళీ 3. మిగతా రాశులు x లో: ________ = ________
ఖాళీ 4. మాటల సమీకరణం: ( ________ ) = ( ________ )
ఖాళీ 5. గుర్తుల సమీకరణం: ________ = ________

దీని కింద సాధన, ఆ తర్వాత సరిచూడడం. పిల్లలు ఐదో ఖాళీతో మొదలుపెట్టాలని తొందరపడతారు. మొదటి వారం రోజులు ఐదో ఖాళీని అట్టముక్కతో మూసిపెట్టి, నాలుగో ఖాళీ నిండాకే తీయండి. ఈ చిన్న కట్టుబాటు లేకపోతే నమూనా మొత్తం అలంకారంగా మిగిలిపోతుంది.

ఇప్పుడు ఒక లెక్కను పూర్తిగా చూద్దాం. ‘ఒక ఇరానీ హోటల్‌లో ఉస్మానియా బిస్కెట్ ధర కంటే చాయ్ ధర 10 రూపాయలు ఎక్కువ. సలీం 3 చాయ్‌లు, 5 బిస్కెట్లు తీసుకుని 200 రూపాయలు ఇస్తే, అతనికి 90 రూపాయలు తిరిగి వచ్చాయి. ఒక చాయ్ ధర ఎంత?’

మొదటి ఖాళీ: అడిగినదాన్ని రాయడం

లెక్కలో ప్రశ్న చివర ఉంటుంది కాబట్టి చివరి వాక్యాన్ని ముందు చదివించి, ‘ఒక చాయ్ ధర, రూపాయల్లో’ అని మొదటి ఖాళీలో రాయించండి. ఇది మరీ తేలికగా కనిపించడంతో చాలామంది పిల్లలు దీన్ని వదిలేయాలని చూస్తారు. అయితే x విలువ కనుక్కోగానే దాని కింద రెండు గీతలు గీసి, అదే జవాబని పుస్తకం మూసేసే అలవాటుకు మందు ఈ ఖాళీయే. ఈ లెక్కలో x, జవాబు ఒకటి కావని కాసేపట్లో తెలుస్తుంది.

రెండో ఖాళీ: x ఎవరికి ఇవ్వాలి

ఇక్కడ తెలుగు మనకు చాలా సాయం చేస్తుంది. పోలిక చెప్పే వాక్యంలో ‘కంటే’ ఏ మాటకు తగులుకుని ఉంటుందో, పోలికకు ఆధారం అదే. ‘బిస్కెట్ ధర కంటే చాయ్ ధర 10 ఎక్కువ’ అన్నా, ‘చాయ్ ధర బిస్కెట్ ధర కంటే 10 ఎక్కువ’ అన్నా, ‘కంటే’ బిస్కెట్ ధరనే అంటిపెట్టుకుని ఉంటుంది. మాటల వరుస మారినా ఆధారం మారదు. ‘రెట్లు’ వచ్చే వాక్యంలో ఆ పని ‘కు’ చేస్తుంది: ‘కొడుకు వయస్సుకు తల్లి వయస్సు మూడు రెట్లు’ అన్నప్పుడు ‘కు’ తగిలిన కొడుకు వయస్సే ఆధారం. ఆ ఆధారానికి x ఇస్తే మిగతా రాశి దానిమీద సులువుగా నిలబడుతుంది. అందువల్ల పిల్లలచేత లెక్కలోని ‘కంటే’, ‘కు’ల కింద పెన్సిలుతో గీత గీయించి, ఆ గీతకు ఎడమవైపున ఉన్న మాటను రెండో ఖాళీలోకి దింపించండి.

పోలికలు గొలుసుగా వచ్చినప్పుడు కూడా ఇదే పద్ధతి నిలుస్తుంది. ‘అనిత దగ్గర సునీత కంటే 5 గాజులు ఎక్కువ, సునీత దగ్గర కవిత కంటే 3 తక్కువ’ అంటే, ‘కంటే’ తగిలిన పేర్లు రెండున్నాయి. వాటిలో సునీత గాజులను మళ్లీ ఇంకొకరితో పోల్చి చెప్పారు, కవిత గాజులను ఎవరితోనూ పోల్చలేదు. గొలుసు చివర అలా మిగిలిన కవిత గాజుల సంఖ్యే x.

రెండో ఖాళీలో ఏం రాస్తారన్నదాని మీద కొంచెం పట్టుదలగా ఉండండి. ‘x = బిస్కెట్’ అని రాస్తే ఒప్పుకోకండి. ‘x = ఒక బిస్కెట్ ధర, రూపాయల్లో’ అని పూర్తిగా ఉండాలి. ఇది చాదస్తం కాదు. x ఒక వస్తువుకు పొట్టిపేరు అని పిల్లల మనసులో పడిపోతే, సమీకరణం తలకిందులవుతుంది. 1980 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్, ఆయన సహచరులు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక చిన్న వాక్యం ఇచ్చారు: ఈ విశ్వవిద్యాలయంలో ఆచార్యుల సంఖ్యకు విద్యార్థుల సంఖ్య ఆరు రెట్లు, విద్యార్థుల సంఖ్య S, ఆచార్యుల సంఖ్య P అనుకుని సమీకరణం రాయండి. మూడో వంతుకు పైగా విద్యార్థులు తప్పు రాశారు. ఆ తప్పుల్లో ఎక్కువగా కనిపించింది 6S = P. ఆరుగురు విద్యార్థులకు ఒక ఆచార్యుడు అన్న బొమ్మను ఉన్నదున్నట్లు గుర్తుల్లోకి దించేస్తే అలాగే వస్తుంది. S అంటే ‘విద్యార్థి’ అనుకుంటే 6S = P సబబుగానే అనిపిస్తుంది, S అంటే ‘ఎంతమంది విద్యార్థులు’ అనుకుంటే దానిలోని తప్పు కనిపిస్తుంది. ఆచార్యులు 10 మంది అనుకుంటే విద్యార్థులు 60 మంది ఉండాలి. 6S = Pలో ఆ అంకెలు పెట్టి చూస్తే 360 = 10 అవుతుంది. సరైనది S = 6P. ఇంజనీరింగ్ చదివేవారే జారిపడిన చోట పన్నెండేళ్ల పిల్లలు జారడంలో వింతేమీ లేదు.

మన పూర్వ గణితజ్ఞులు తెలియని రాశిని ‘యావత్తావత్’ అనేవారు. ఎంతో అంత అని దాని అర్థం. రెండో తెలియని రాశి వస్తే నలుపు, నీలం, పసుపు అంటూ రంగుల పేర్లు పెట్టేవారు. x అంటే భయపడే పిల్లలతో నేను మొదట ‘బిస్కెట్ ధర ఎంతో అంత’ అనిపించి, ఆ తర్వాతే x రాయిస్తాను.

మూడో ఖాళీ: మిగతావాటిని x తో చెప్పడం

బిస్కెట్ ధర x అయితే చాయ్ ధర దానికంటే 10 ఎక్కువ, అంటే x + 10. ఇంతవరకు సాఫీగానే ఉంది. తర్వాత 3 చాయ్‌ల ఖరీదు, 5 బిస్కెట్ల ఖరీదు రాయాలి. బిస్కెట్లది 5x అని వెంటనే రాస్తారు. చాయ్‌లది రాసేటప్పుడు సగం మంది 3x + 10 అని రాస్తారు. మూడు చాయ్‌ల మీద మూడుసార్లు పడాల్సిన 10 రూపాయలు ఒక్కసారే పడ్డాయన్నమాట. దీన్ని ఆపడానికి నేను వాడే ఉపాయం ఒక్కటే: ఒకటికి మించిన పదాలున్న రాశిని మూడో ఖాళీలో రాసేటప్పుడే బ్రాకెట్లో బంధించాలి. చాయ్ ధర = (x + 10) అని ముందే రాసుకుంటే, 3 చాయ్‌లు 3(x + 10) అవుతాయి, బ్రాకెట్ మరిచిపోయే వీలు తగ్గుతుంది.

ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ఈ ఖాళీలోనే ఇంకొక చిక్కు ఉంది. ‘సెవెన్ లెస్ దాన్ త్రీ టైమ్స్ ఎ నంబర్’ అన్న వాక్యాన్ని ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ గుర్తులు పెడితే 7 − 3x వస్తుంది, అది తప్పు. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలైతే ఆ వాక్యాన్ని ముందు తెలుగులో చెప్పమనండి: ‘ఒక సంఖ్యకు మూడు రెట్ల కంటే 7 తక్కువ.’ ఇప్పుడు చదివిన వరుసలోనే రాయండి. ఒక సంఖ్యకు మూడు రెట్లు, 3x. దాని కంటే 7 తక్కువ, 3x − 7. ‘కంటే’ ఆధారాన్ని ముందుకు తెస్తుంది కాబట్టి ఇలాంటి వాక్యాల్లో తెలుగు వరుస, గణితం వరుస ఒకటే అవుతాయి. పైగా తెలుగులో క్రియ చివర వస్తుంది: ‘అందులోంచి 7 తీసేస్తే 20 వస్తుంది’ అన్నప్పుడు, ‘తీసేస్తే’ అన్నచోట ఆగి సమాన గుర్తు పెట్టుకోవచ్చు. పరీక్షలో జవాబు ఇంగ్లిష్‌లో రాయాల్సి ఉన్నా, వాక్యాన్ని మనసులో ఒకసారి తెలుగులోకి తిప్పుకోవడం వల్ల పోయేదేమీ లేదు.

‘మూడు రెట్లు ఎక్కువ’ అనే మాట విషయంలో జాగ్రత్తగా ఉండండి. మాటల్లో చాలామంది దాన్ని మూడు రెట్లు అన్న అర్థంలోనే వాడతారు, కొందరు అసలుకు అదనంగా మూడు రెట్లు, అంటే 4x, అని పట్టుకుంటారు. మీరు సొంతంగా లెక్కలు తయారుచేసి ఇచ్చేటప్పుడు ‘మూడు రెట్లు’ అని మాత్రమే రాయండి.

నాలుగో ఖాళీ: మాటల సమీకరణం

నమూనాలో అసలు పని జరిగేది ఇక్కడే. ఇక్కడ x కనిపించకూడదు, అంకెలూ వీలైనంత తక్కువ ఉండాలి. ఒకే సొమ్మును, ఒకే పొడవును లేదా ఒకే వయస్సును రెండు రకాలుగా ఎక్కడ చెప్పవచ్చో వెతకాలి. సలీం లెక్కలో అలాంటిది ఖర్చు. తిన్నవాటి ఖరీదు కూడితే ఖర్చు వస్తుంది. ఇచ్చిన డబ్బులోంచి తిరిగి వచ్చిన డబ్బు తీసేసినా అదే ఖర్చు వస్తుంది. కాబట్టి నాలుగో ఖాళీ ఇలా నిండుతుంది: (3 చాయ్‌ల ఖరీదు + 5 బిస్కెట్ల ఖరీదు) = (ఇచ్చిన డబ్బు − తిరిగి వచ్చిన డబ్బు).

గమనించండి, ‘ఖర్చు’ అన్న మాట లెక్కలో ఎక్కడా లేదు. లెక్కలోని మాటలనే పట్టుకుని వేలాడేవారికి ఈ సమానత దొరకదు. ‘ఎక్కువ అంటే కూడిక, తక్కువ అంటే తీసివేత, మొత్తం అంటే కూడిక’ అని పిల్లలకు ఒక జాబితా బట్టీ పట్టించే పద్ధతి అందుకే నాకు గిట్టదు. ‘రమ్య దగ్గర 45 రూపాయలున్నాయి. ఇది సల్మా దగ్గర ఉన్నదాని కంటే 15 ఎక్కువ. సల్మా దగ్గర ఎంత ఉంది?’ అని అడిగి చూడండి. జాబితా బట్టీ పట్టినవారు 45 + 15 = 60 అంటారు. నమూనా నింపినవారు ‘కంటే’ తగిలిన సల్మా సొమ్మును x అని, నాలుగో ఖాళీలో (రమ్య సొమ్ము) = (సల్మా సొమ్ము + 15) అని రాసి, 45 = x + 15 దగ్గరికి, అక్కడి నుంచి 30 దగ్గరికి చేరతారు. ‘ఎక్కువ’ అన్న మాట కూడికను నిజంగానే చెప్పింది, అయితే ఆ కూడిక x పక్కన జరగాల్సినది.

నాలుగో ఖాళీ నిండాక రెండువైపులా ఉన్నవి ఒకే కొలతలో ఉన్నాయో లేదో అడగండి. ఎడమవైపు రూపాయలు, కుడివైపు బిస్కెట్ల సంఖ్య ఉంటే అక్కడే ఆపేయాలి. గంటలు ఒకవైపు, నిమిషాలు ఒకవైపు ఉన్నా అంతే.

ఐదో ఖాళీ, సాధన, సరిచూడడం

ఇక అట్టముక్క తీసేయవచ్చు. నాలుగో ఖాళీలోని ప్రతి మాట కింద మూడో ఖాళీలోంచి దానికి సరిపోయేది తెచ్చి పెట్టడమే మిగిలిన పని: 3(x + 10) + 5x = 200 − 90. దాన్ని విప్పితే 3x + 30 + 5x = 110, అంటే మనం మొదట చూసిన 8x + 30 = 110. x = 10. ఇది బిస్కెట్ ధర. మొదటి ఖాళీలో చాయ్ ధర అడిగారని రాసుకున్నాం కాబట్టి, x + 10, అంటే 20 రూపాయలు జవాబు.

సరిచూడడం మాత్రం సమీకరణంలో కాక, మొదటి కథలో చేయించండి. ఎందుకో పైన చెప్పిన బ్రాకెట్ తప్పుతోనే చూపిస్తాను. 3x + 10 + 5x = 110 అని రాసిన పిల్లవాడికి 8x = 100, x = 12.5 వస్తుంది. తన సమీకరణంలో 12.5 పెట్టి చూసుకుంటే 37.5 + 10 + 62.5 = 110, అంతా సరిపోయినట్లే కనిపిస్తుంది. తప్పుడు సమీకరణం తన తప్పుడు జవాబును ఎప్పుడూ సమర్థిస్తుంది. అదే హోటల్‌కు తిరిగి వెళితే, బిస్కెట్ పన్నెండున్నర, చాయ్ ఇరవై రెండున్నర, మూడు చాయ్‌లకు 67.50, ఐదు బిస్కెట్లకు 62.50, మొత్తం 130. సలీంకు 70 రూపాయలే తిరిగి రావాలి, లెక్కలో 90 వచ్చాయని ఉంది. తప్పు అక్కడ బయటపడుతుంది.

వయస్సుల లెక్కల్లో ఒక మార్పు

వయస్సుల లెక్కలకు మూడో ఖాళీని రెండు నిలువు గడులుగా చీల్చాలి: ‘ఇప్పుడు’, ‘అప్పుడు’. ‘కొడుకు వయస్సుకు తల్లి వయస్సు మూడు రెట్లు. 12 ఏళ్ల తర్వాత కొడుకు వయస్సుకు తల్లి వయస్సు రెండు రెట్లు అవుతుంది. ఇప్పుడు వారి వయస్సులెంత?’ ఇప్పుడు గడిలో కొడుకు x, తల్లి 3x. అప్పుడు గడిలో కొడుకు (x + 12), తల్లి (3x + 12). సమానత రెండో వాక్యంలో ఉంది కాబట్టి నాలుగో ఖాళీలోకి ‘అప్పుడు’ గడిలోవే వెళ్లాలి: (అప్పటి తల్లి వయస్సు) = 2 × (అప్పటి కొడుకు వయస్సు). ఐదో ఖాళీ 3x + 12 = 2(x + 12). x = 12, తల్లికి 36. పన్నెండేళ్లయ్యాక 24, 48. కథతో సరిపోయింది.

ఈ లెక్కలో తప్పులు తమంతట తామే బయటపడతాయి. తల్లికి మాత్రమే 12 కలిపి 3x + 12 = 2x అని రాస్తే x = −12 వస్తుంది, పుట్టని బిడ్డకు వయస్సు కట్టినట్లు. ఇద్దరికీ కలిపి బ్రాకెట్ మరిచిపోతే 3x + 12 = 2x + 12, x = 0, తల్లి వయస్సూ సున్నాయే. రుణ సంఖ్య వస్తే ‘కొడుక్కి 12 కలిపావా?’ అనీ, సున్నా వస్తే ‘బ్రాకెట్ ఏదీ?’ అనీ అడగండి. తప్పు ఎక్కడుందో జవాబే చెబుతుంది కాబట్టి మీరు మొదటి నుంచి వివరించాల్సిన పని ఉండదు.

ఈ నమూనా చాలని లెక్కలు కూడా ఉన్నాయి. 2 పెన్నులు, 3 పెన్సిళ్లు 41 రూపాయలు, 4 పెన్నులు, 1 పెన్సిలు 57 రూపాయలు అన్నప్పుడు పెన్ను ధరను పెన్సిలు ధరతో పోల్చి చెప్పే వాక్యం ఏదీ లేదు. మూడో ఖాళీ నేరుగా నిండదు. అది రెండు చరరాశుల లెక్క, పదో తరగతిలో రేఖీయ సమీకరణాల జత దగ్గర వస్తుంది. ఏడో తరగతి పిల్లలు అలాంటి చోట ఆగిపోతే, ఆగడమే సరైనదని చెప్పండి.

రెండు మూడు వారాలు ఇలా నింపించాక, పనిని తిప్పి ఇవ్వండి. 5x − 20 = 130 అని రాసి, దీనికి కథ కట్టమనండి. మొన్న ఒక అమ్మాయి, ‘నేను కోఠీలో ఒకే ధరకు 5 నోటుపుస్తకాలు కొన్నాను, దుకాణం అతను 20 రూపాయలు తగ్గించి 130 తీసుకున్నాడు, ఒక్కో పుస్తకం అసలు ధర ఎంత?’ అని రాసింది. 30 రూపాయలు, సరిగ్గా అమరింది. ఆమె పక్కన కూర్చున్న అబ్బాయి, ‘నా దగ్గర 5 పుస్తకాలున్నాయి, 20 పోయాయి, 130 రూపాయలు మిగిలాయి’ అని రాశాడు. వాడి చేత మళ్లీ రెండో ఖాళీ నింపిస్తున్నాను.